ఉద్యోగ ప్రకటనలోని మాటలు, కవర్ లెటర్‌లోని వాక్యాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కవర్ లెటర్ ప్రకటనకు తగ్గట్టు ఉండాలని అందరికీ తెలుసు. ఎంతవరకు తగ్గట్టు ఉండాలి, ఎక్కడ దాటితే కాపీ అవుతుంది అన్న దగ్గరే అవే సందేహాలు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. వాటిని దశలవారీగా ఇక్కడ చేర్చాం. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్నే పూర్తి కాబట్టి మీకు కావలసిన చోట మొదలుపెట్టవచ్చు. ఉదాహరణలు చాలావరకు ఒక ఊహించిన పోస్టు మీదే ఉంటాయి: యంత్రాల విడిభాగాల గోడౌన్‌లో ఇన్వెంటరీ సూపర్‌వైజర్. ఉత్తరం ఏ భాషలో రాసినా, ఏ రంగానికి రాసినా పద్ధతి ఇదే.

## ప్రకటన చదివేటప్పుడు

ప్రకటనలో ఉన్న మాటలే వాడమని ఒకరు, కాపీ కొట్టొద్దని ఇంకొకరు చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?

ఇద్దరి మాటా వినాలి. వాళ్ళు చెబుతున్నది వేర్వేరు వాటి గురించి. ప్రకటనలో పేర్లు ఉంటాయి, వాక్యాలు ఉంటాయి. సాఫ్ట్‌వేర్, సర్టిఫికెట్, యంత్రం, పని పద్ధతి, హోదా, ఇవన్నీ పేర్లు. వీటిని ఉన్నవి ఉన్నట్టే వాడాలి. ఆ పేర్ల చుట్టూ అల్లిన వాక్యం మాత్రం ప్రకటన రాసినవాళ్ళది, దాన్ని వాళ్ళకే వదిలేయాలి.

"సైకిల్ కౌంట్" ఒక పేరు. గోడౌన్ మొత్తాన్ని ఏడాదికోసారి మూసిపెట్టి లెక్కపెట్టకుండా, సరుకు పెట్టే అరలను, అంటే బిన్లను, రోజుకు కొన్ని చొప్పున లెక్క చూసుకుంటూ పోయే పద్ధతిని ఆ పనిలో ఉన్నవాళ్ళు అలాగే పిలుస్తారు. కాపీ అవుతుందన్న భయంతో దాన్ని "క్రమం తప్పని సరుకుల గణన" అని మార్చారనుకోండి, ఈ మనిషి ఎప్పుడైనా సైకిల్ కౌంట్ చేశాడా అని చదివేవాళ్ళకు అనుమానం వస్తుంది. అదే ప్రకటనలో "రోజువారీ సైకిల్ కౌంట్‌లను పర్యవేక్షించి, స్టాక్ వ్యత్యాసాలకు మూలకారణాలను గుర్తించాలి" అని ఉంటే, అది వాక్యం. చివర "గుర్తించాలి" తీసేసి "గుర్తించగలను" అని పెట్టి పంపితే మీ గురించి వాళ్ళకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు. ఆ వాక్యం వాళ్ళు రాసిందే కదా.

ప్రకటనలో పదిహేను పాయింట్లున్నాయి. అన్నిటికీ జవాబు రాయాలా?

వద్దు. మూడు, మహా అయితే నాలుగు చాలు. కవర్ లెటర్ సుమారు 300 మాటల్లో ముగియాలి. మొదలు, ముగింపు పోగా మిగిలే చోటులో, ఆధారంతో సహా చెప్పగలిగినవి అంతకు మించి పట్టవు. పదిహేనింటికీ ఒక్కో ముక్క రాస్తే అది ప్రకటనకు ఇంకో ప్రతిలా తయారవుతుంది.

ఆ మూడింటిని ఏరడానికి ముందు ప్రకటనలో కంపెనీ గొప్పలు, జీతభత్యాలు, ప్రతి ప్రకటనలోనూ కనిపించే మామూలు హెచ్చరికలు కొట్టేయండి. సాధారణంగా సగం పోతుంది. మిగిలినదాంట్లో నాలుగు గుర్తులు వెతకండి. "తప్పనిసరి" అన్న మాట ఉన్నవి. పోస్టు పేరులోనో మొదటి రెండు పాయింట్లలోనో ఉన్నవి. వేర్వేరు మాటల్లో రెండుమూడు సార్లు వచ్చినవి. అంకెతోనో సాఫ్ట్‌వేర్ పేరుతోనో కచ్చితంగా చెప్పినవి. ఈ నాలుగింటిలో మూడో గుర్తును చాలామంది వదిలేస్తారు. ఒకచోట "స్టాక్ వ్యత్యాసాలు", ఇంకోచోట "రికార్డుల ఖచ్చితత్వం", మరోచోట "ఆడిట్‌కు సిద్ధంగా ఉంచడం" అని ఉంటే మూడూ ఒకే బాధ. వాళ్ళ కంప్యూటర్‌లో ఉన్న లెక్కకూ షెల్ఫ్ మీద ఉన్న సరుకుకూ పొంతన కుదరడం లేదన్నమాట. మీ ఉత్తరంలో అన్నిటికంటే ఎక్కువ చోటు దానికే.

మిగిలిన పాయింట్ల సంగతి రెజ్యూమె చూసుకుంటుంది.

"వేగవంతమైన వాతావరణంలో ఒత్తిడిని తట్టుకోగలగాలి" లాంటి వాటికి ఏం రాయాలి?

ఆ మాటలు ఉత్తరంలోకి రానే కూడదు. విశేషణానికి విశేషణంతో జవాబు చెబితే అది హామీ అవుతుంది కానీ ఆధారం కాదు. అలాంటి మాట వెనక సాధారణంగా పరిమాణమో గడువో ఉంటుంది. గోడౌన్ ప్రకటనలో "వేగవంతం" అంటే రోజుకు వచ్చిపోయే లోడ్లు ఎక్కువని అర్థం కావచ్చు, లేదా మధ్యాహ్నం ఆర్డర్ వస్తే సాయంత్రానికి బండి ఎక్కించాలని కావచ్చు. ఏదన్నది మిగతా పాయింట్లు చదివితే తెలుస్తుంది. తెలిశాక మీ దగ్గరున్న పరిమాణమో గడువో చెప్పండి: "నెలాఖరు వారంలో రోజుకు 40 డిస్పాచ్‌లు, మామూలు రోజుల్లో 15." ఒత్తిడి అన్న మాట లేకుండానే ఒత్తిడి కనిపిస్తుంది.

"బృందంతో కలిసి పనిచేయగల", "చొరవ ఉన్న" వంటి వాటికీ ఇదే దారి. చెప్పడానికి పని ఏదీ గుర్తుకు రాకపోతే ఆ పాయింటును వదిలేయండి. అది రాయలేదని ఎవరూ పక్కన పెట్టరు.

ఒకే ఉద్యోగానికి రెండు చోట్ల రెండు రకాలుగా ప్రకటన కనిపిస్తోంది. దేని మాటలు పట్టుకోవాలి?

కంపెనీ సొంత కెరీర్స్ పేజీలో ఉన్నదాన్ని. జాబ్ పోర్టల్‌లోనూ ఏజెన్సీ పోస్టుల్లోనూ వచ్చేవి కుదించినవో తిరగరాసినవో అయ్యే అవకాశం ఉంది. పోస్టు పేరు కూడా తేడాగా ఉండొచ్చు. రెండింటిలోనూ ఉన్న అర్హత కచ్చితంగా ముఖ్యమైనదే. కంపెనీ పేరు ఇవ్వని ఏజెన్సీ ప్రకటన ఒక్కటే దొరికితే దానితోనే నడపాలి. ఏదైనా సరే, పూర్తి పాఠాన్ని ఆ రోజే ఫైలుగా దాచుకోండి. గడువు దాటగానే పేజీ తీసేస్తారు, ఇంటర్వ్యూ పిలుపు వచ్చేసరికి వాళ్ళు ఏమడిగారో చూసుకోవడానికి ఏమీ మిగలదు.

## రాసేటప్పుడు

ప్రకటనలోని వాక్యం నుంచి నా వాక్యానికి ఎలా రావాలి? ఒకటి చేసి చూపించండి.

ప్రకటనలో ఇలా ఉందనుకుందాం: "రోజువారీ సైకిల్ కౌంట్‌లను పర్యవేక్షించి, స్టాక్ వ్యత్యాసాలకు మూలకారణాలను గుర్తించి, నివారణ చర్యలు అమలు చేయాలి." రాస్తున్న వ్యక్తి నాలుగేళ్ళుగా స్టోర్స్ అసిస్టెంట్. సూపర్‌వైజర్ సెలవులో వెళ్ళినందున ఏడు నెలలుగా ఆ బాధ్యత చూస్తున్నారు.

మొదటి ప్రయత్నం చాలామందిది ఇలా ఉంటుంది: "సైకిల్ కౌంట్‌లను పర్యవేక్షించడంలో, స్టాక్ వ్యత్యాసాలకు మూలకారణాలను గుర్తించడంలో, నివారణ చర్యలు అమలు చేయడంలో నాకు మంచి అనుభవం ఉంది." మూడు క్రియలూ ప్రకటనవే, వరసా ప్రకటనదే. కొత్తగా చేరింది "మంచి అనుభవం" ఒక్కటి. అది కూడా ఎంత మంచిదో తెలియదు.

ఇక్కడి నుంచి బయటపడాలంటే ముందు ప్రకటనను మూసేయాలి. తెర మీద అది కనిపిస్తున్నంతసేపూ చెయ్యి అటే పోతుంది. మూసేశాక కాగితం మీద వాక్యాలు కాకుండా ముక్కలు రాసుకోండి: ఏం చేశాను, ఎన్ని, ఎప్పటి నుంచి, ఏం తప్పు దొరికింది, ఏం మారింది. మన ఉదాహరణలో ముక్కలు ఇవి: రోజుకు 60 బిన్లు. ఏడు నెలలు. మొదట్లో రోజూ ఐదారింట్లో తేడా. ఎక్కువ బోల్టులు, వాషర్లు. దించుకునేటప్పుడు సిస్టమ్‌లో పెట్టెలుగా ఎక్కిస్తున్నారు, ఇచ్చేటప్పుడు విడి ముక్కలుగా కొడుతున్నారు. రిసీవింగ్ దగ్గర యూనిట్ సరిచూడటం మొదలుపెట్టాం. ఇప్పుడు ఒకటి రెండు.

ఆ ముక్కల్ని, పక్క గోడౌన్‌లో పనిచేసే మనిషికి చెబుతున్నట్టు వాక్యాలు చేయండి. ఆ తర్వాత ప్రకటన మళ్ళీ తెరిచి, మీ మాటల్లో ఎక్కడైనా వాళ్ళ రంగం పేరు పక్కకు పోయిందేమో చూడండి. "లెక్క తేడా" అని రాసి ఉంటే ఒకచోట "స్టాక్ వ్యత్యాసం" అని సరిచేయండి. చివరికి ఇలా వస్తుంది:

"ప్రస్తుత గోడౌన్‌లో రోజూ 60 బిన్లకు సైకిల్ కౌంట్ చేయించే బాధ్యత ఏడు నెలలుగా నాది. మొదట్లో రోజుకు ఐదారు బిన్లలో స్టాక్ వ్యత్యాసం కనబడేది. అన్నీ రాసి చూస్తే సగానికి పైగా బోల్టులు, వాషర్ల దగ్గరే. సరుకు దించుకునేటప్పుడు పెట్టెల లెక్కన, ఇచ్చేటప్పుడు విడి ముక్కల లెక్కన సిస్టమ్‌లో ఎక్కుతోంది. రిసీవింగ్‌లోనే యూనిట్ సరిచూడటం మొదలుపెట్టించాక తేడాలు రోజుకు ఒకటి రెండుకు తగ్గాయి."

ప్రకటన నుంచి వచ్చినవి "సైకిల్ కౌంట్", "స్టాక్ వ్యత్యాసం", ఈ రెండే. "మూలకారణం", "నివారణ చర్య" అన్న మాటలు లేవు. వాటి అవసరమూ లేదు, ఎందుకంటే పెట్టెలకూ ముక్కలకూ మధ్య గందరగోళమే ఆ మూలకారణం, యూనిట్ సరిచూడటమే ఆ నివారణ చర్య. గోడౌన్ నడిపిన వాళ్ళెవరైనా ఇది చదివి, ఈయనకు పని తెలుసు అనుకుంటారు. యూనిట్ల తికమక వాళ్ళూ ఎప్పుడో ఒకప్పుడు పడి ఉంటారు.

పర్యాయపదాలు మార్చేస్తే సరిపోదా?

సరిపోదు. పైగా రెండు వైపులా నష్టం. "షిఫ్టు డ్యూటీలు కేటాయించి, హాజరు పర్యవేక్షించి, నివేదికలు సమర్పించాలి" అన్నదాన్ని "షిఫ్టు విధులు అప్పగించి, హాజరు గమనించి, నివేదికలు అందజేస్తాను" అని మార్చినా అస్థిపంజరం అదే. అదే వరస, అదే మూడు క్రియల తూగు. ఒకే ప్రకటనకు వచ్చిన ఉత్తరాలు వరసగా చదివే రిక్రూటర్‌కు ఆ తూగు రెండో ఉత్తరానికే చెవికి తగులుతుంది. మరోవైపు, మార్చకూడని పేర్లు కూడా ఈ ఊపులో మారిపోతాయి. "సేఫ్టీ స్టాక్" కాస్తా "భద్రతా నిల్వ" అయి, ఎవరికీ వెంటనే అర్థం కాకుండా పోతుంది.

క్రియను మార్చడం కాదు, వాక్యం దేని గురించో దాన్ని మార్చాలి. ప్రకటన వాక్యం "ఏం చేయాలి" అని చెబుతుంది. మీ వాక్యం "ఎక్కడ, ఎంత, ఏం జరిగింది" అని చెప్పాలి. "రెండు షిఫ్టుల్లో ఐదుగురి డ్యూటీలు వేసేది నేనే. రాత్రి షిఫ్టు ఎవరికీ వరసగా రెండు వారాలు పడకుండా చూస్తాను" అని రాస్తే పర్యాయపదాల అవసరమే రాదు.

నేను చేసిన పనికి మా కంపెనీలో వేరే పేరుంది. ఏ పేరు రాయాలి?

ప్రకటనలోని పేరు ముందు, మీ పేరు వెంటనే తర్వాత, ఒకేసారి. "సైకిల్ కౌంట్ (మా దగ్గర దీన్ని డైలీ చెక్ అంటాం) ఏడు నెలలుగా చూస్తున్నాను." ఆ తర్వాత ఉత్తరమంతా ప్రకటన పేరే నడవాలి. మీ కంపెనీ పేరు ఒక్కటే రాస్తే బయటివాళ్ళకు అర్థం కాదు. ప్రకటన పేరు ఒక్కటే రాస్తే రేపు మీ పాత మేనేజర్‌కు ఫోన్ చేసినప్పుడు "అదేంటి, మా దగ్గర అలాంటిదేమీ లేదే" అనే ప్రమాదం ఉంది.

ఒక జాగ్రత్త. రెండూ నిజంగా ఒకటేనా అని ముందు తేల్చుకోవాలి. డైలీ చెక్ పేరుతో ఖాళీ అయిన షెల్ఫులు మాత్రమే చూసి వచ్చేవాళ్ళుంటే అది సైకిల్ కౌంట్ కాదు. అలాంటప్పుడు పేరు అతికించకుండా చేసిందేమిటో చెప్పడమే మేలు.

హోదా విషయంలో ఈ వెసులుబాటు కూడా లేదు. ప్రకటనలో "సూపర్‌వైజర్" ఉందని స్టోర్స్ అసిస్టెంట్‌ను సూపర్‌వైజర్‌గా రాసుకోకూడదు. "స్టోర్స్ అసిస్టెంట్‌గా ఉంటూ ఏడు నెలలుగా సూపర్‌వైజర్ బాధ్యతలు చూస్తున్నాను" అంటే సరిపోతుంది.

సాఫ్ట్‌వేర్ వడపోస్తుందట కదా, కీలక పదాన్ని ఎన్నిసార్లు వాడాలి?

దరఖాస్తులు నిల్వచేసే సాఫ్ట్‌వేర్‌ను ఏటీఎస్ అంటారు. దాని ప్రధానమైన పని దరఖాస్తులన్నీ ఒకచోట పెట్టి, రిక్రూటర్ వెతికినప్పుడు చూపించడం. కొన్నిట్లో ప్రకటనతో పోల్చి మార్కులు వేసే సౌకర్యమూ ఉంటుంది. చాలాసార్లు మనిషిని ముందే ఆపేసేవి ఉత్తరంలోని మాటలు కావు, దరఖాస్తు ఫారంలో అవును, కాదు అని నొక్కాల్సిన ప్రశ్నలు. "ఫోర్క్‌లిఫ్ట్ లైసెన్స్ ఉందా?" లాంటివి.

అందుకని ముఖ్యమైన పేరు ప్రకటనలో ఉన్న రూపంలో ఒకసారి, సహజంగా కుదిరితే రెండోసారి వస్తే చాలు. పొడి అక్షరాల్లో పిలిచే పేరైతే మొదటిసారి పూర్తి పేరూ పొడి పేరూ రెండూ రాయండి, వెతికేవాళ్ళు ఏది కొట్టినా దొరుకుతుంది. స్పెల్లింగ్ కూడా ప్రకటనలో ఉన్నట్టే ఉండాలి. ఉత్తరం కంటే రెజ్యూమెలో ఈ పేర్లు ఉండటం ఇంకా ముఖ్యం, కొన్నిచోట్ల ఉత్తరం అటాచ్‌మెంట్‌గా మాత్రమే ఉండిపోతుంది, వెతుకులాటలోకి రాదు.

ప్రకటన మొత్తాన్ని తెల్ల అక్షరాలతో పేజీ అడుగున అతికించే ఎత్తు ఒకటి తిరుగుతోంది. సాఫ్ట్‌వేర్ పాఠాన్ని మాత్రమే బయటికి తీసి చూపించినప్పుడు రంగు పోతుంది, అతికించిందంతా నల్లగా బయటపడుతుంది.

ప్రకటనలో ఉన్న వరసలోనే రాయాలా?

మామూలు కవర్ లెటర్‌లో వద్దు. వాళ్ళకు ముఖ్యమైనదీ మీకు గట్టి ఆధారం ఉన్నదీ ఏదో అది ముందు. వరస మారగానే ఉత్తరం ప్రకటన నీడలోంచి బయటికి వస్తుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. కొన్ని నియామకాల్లో, ముఖ్యంగా ప్రభుత్వ రంగంలోనూ విశ్వవిద్యాలయాల్లోనూ, "ప్రతి అర్హతకూ విడిగా సమాధానం రాయండి" అని అడుగుతారు. చదివేవాళ్ళు ఒక్కో అర్హతకు విడిగా మార్కులు వేస్తారు. అక్కడ వాళ్ళ అర్హత వాక్యాన్ని యథాతథంగా శీర్షికగా పెట్టి, వాళ్ళ వరసలోనే, కింద మీ జవాబు రాయాలి. శీర్షిక వాళ్ళది, జవాబు మీది. ఇక్కడ వరస మారిస్తే మార్కులు వేసే మనిషి మీ జవాబు కోసం వెతుక్కోవాలి.

## అనుభవం సరిగ్గా అతకనప్పుడు

మూడేళ్ళ అనుభవం అడిగారు. నాకు రెండేళ్ళ నాలుగు నెలలే ఉంది. ఎలా రాయాలి?

ఉన్నది ఉన్నట్టు: "రెండేళ్ళ నాలుగు నెలలు". "దాదాపు మూడేళ్ళు" అని వాళ్ళ అంకె దగ్గరికి లాగితే, రెజ్యూమెలో తేదీలు పక్కనే ఉంటాయి. తీసివేత ఎవరికైనా వచ్చు. అంకె చెప్పి ఊరుకోకుండా ఆ కాలంలో ఏం నడిచిందో పక్కనే పెట్టండి. రెండు వార్షిక ఆడిట్లు, ఒక సాఫ్ట్‌వేర్ మార్పు, ఇలాంటివి. ఏళ్ళు అడిగేది ఆ పని అన్ని కాలాల్లోనూ చూశారా అని తెలుసుకోవడానికే. "మూడేళ్ళు లేకపోయినా" అంటూ క్షమాపణతో మొదలుపెట్టొద్దు.

ఫారంలో "కనీసం మూడేళ్ళు ఉన్నాయా?" అన్న ప్రశ్న ఉంటే మాత్రం నిజం నొక్కడం తప్ప ఉత్తరం చేయగలిగింది ఏమీ లేదు.

అడిగిన సాఫ్ట్‌వేర్ వాడలేదు, అలాంటిదే ఇంకొకటి వాడాను. ప్రకటనలోని పేరు రాయొచ్చా?

రాయొచ్చు, వాక్యం నిజం చెబుతున్నంతవరకు. ప్రకటనలో ఎస్ఏపీ అడిగారు, మీరు వాడింది వేరే ఇన్వెంటరీ ప్యాకేజీ అనుకోండి. "ఎస్ఏపీతో పరిచయం ఉంది" అనడం గోడ మీద పిల్లివాటం. ఇంటర్వ్యూలో ఏ స్క్రీన్‌లో సరుకు దించుకున్నారని ఒక్క ప్రశ్న చాలు. దానికి బదులు పనిని పేరు పెట్టి చెప్పండి: "సరుకు దించుకోవడం, బిన్ మార్చడం, కౌంట్ తేడాలు సరిచేయడం ఇంతవరకు వేరే ప్యాకేజీలో చేశాను. ఎస్ఏపీలో ఇవే పనులు నాకు కొత్త స్క్రీన్లు." ఈ పద్ధతిలో వాళ్ళ పేరూ ఉంటుంది, అబద్ధమూ ఉండదు. ఏది బదిలీ అవుతుందో ఏది కొత్తో వాళ్ళకే అర్థమవుతుంది.

ప్రకటనలో ఆ సాఫ్ట్‌వేర్ "తప్పనిసరి" అని ఉంటే ఈ వాక్యం రెండో పేరాలోనే రావాలి. "ఉంటే ప్రాధాన్యం" అని ఉంటే చివరి పేరాలో ఒక్క వాక్యం, లేదా అసలు వద్దు. లేనివాటి గురించి పేరా అంతా రాసే ఉత్తరాలు చాలా వస్తుంటాయి, ఉన్నవాటికి చోటు లేకుండా పోతుంది.

పాత కంపెనీ అంకెలు బయటపెట్టకూడదు. అవి లేకుండా ప్రకటనకు దీటుగా ఎలా రాయాలి?

లోపలి అంకె బదులు నిష్పత్తో, తరచుదనమో చెప్పండి. సరుకు విలువ, కస్టమర్ పేరు, ధరలు రాయకూడదు. "తేడాలు మూడో వంతుకు తగ్గాయి", "వారానికోసారి జరిగేది రోజువారీ చేశాం" అని రాస్తే సాధారణంగా ఎవరి రహస్యమూ బయటపడదు. అది కూడా కుదరకపోతే విధానం చెప్పండి. ఎలా కనిపెట్టారో వివరంగా రాసిన రెండు వాక్యాలు ఊరూపేరూ లేని శాతం కంటే నమ్మకంగా ఉంటాయి. ఊహించి వేసిన అంకె మాత్రం వద్దు. "అది ఎలా లెక్కకట్టారు?" అన్నదే తర్వాతి ప్రశ్న.

## పంపే ముందు

రాసింది కాపీలా ఉందో లేదో నాకు నేను ఎలా కనిపెట్టాలి?

ప్రకటన ఫైలు తెరిచి Ctrl+F నొక్కండి. మీ ఉత్తరంలో అనుమానం ఉన్న చోట వరసగా నాలుగు మాటలు తీసుకుని అక్కడ వెతకండి. దొరికితే ఆ వాక్యాన్ని తిరగరాయాలి. దొరికిన నాలుగు మాటలూ కలిసి ఒకే పేరైతే, అంటే సర్టిఫికెట్ పేరో విభాగం పేరో అయితే, ముట్టుకోవద్దు. అయితే క్రియలు కాస్త మార్చిన కాపీ ఈ వెతుకులాటకు దొరకదు. దాని కోసం రెండో పరీక్ష: ఉత్తరంలోని ఒక్కో వాక్యం కింద ఇంకో అభ్యర్థి సంతకం పెట్టగలరా అని అడగండి. "నాణ్యతా ప్రమాణాలు పాటిస్తూ గడువులోగా పని పూర్తి చేస్తాను" కింద ఎవరైనా పెట్టగలరు. బోల్టుల పెట్టెల సంగతి కింద ఆ పని చేసిన మనిషే పెట్టగలరు. మొదటి రకం వాక్యాలు ఉత్తరం మొత్తం మీద రెండుకు మించితే ఇంకా పని మిగిలి ఉన్నట్టే.

ఒకే ఉత్తరాన్ని కొద్దిగా మార్చి పది చోట్లకు పంపొచ్చా?

ఆధారాలను దాచుకుని మళ్ళీ వాడొచ్చు, ఉత్తరాన్ని కాదు. మీరు చేసిన ఆరేడు పనుల్ని, ఒక్కోటి నాలుగైదు వాక్యాల్లో, వేరే ఫైలులో పెట్టుకోండి. ప్రతి ప్రకటనకూ అందులోంచి మూడు తీసి, పేర్లను ఆ ప్రకటనకు తగ్గట్టు సరిచూసుకోండి. ఒకరు "డిస్పాచ్" అంటే ఇంకొకరు "ఔట్‌బౌండ్" అంటారు. మొదటి పేరా మాత్రం ప్రతిసారీ కొత్తగా రాయాలి, పోస్టు పేరు, రిఫరెన్స్ నంబరు అక్కడే ఉంటాయి కాబట్టి. ఆ రెండూ అక్షరం కూడా మారకుండా ప్రకటనలోంచే ఎత్తాలి.

ఎక్కువగా జరిగే పొరపాటు పాత కంపెనీ పేరు మూడో పేరాలో మిగిలిపోవడం. రెండోది, ప్రకటనలోంచి అతికించిన ముక్క వేరే ఫాంట్‌లోనో కాస్త బూడిద రంగులోనో ఉండిపోవడం. దాన్ని మించిన సాక్ష్యం ఇంకొకటి అక్కర్లేదు. అతికించేటప్పుడు Ctrl+Shift+V వాడితే చాలా ప్రోగ్రాముల్లో ఫార్మాట్ లేకుండా పడుతుంది.

ఉత్తరంలో వాడిన మాట గురించి ఇంటర్వ్యూలో లోతుగా అడిగితే?

అడుగుతారు, అనుకునే రాయాలి. పంపేముందు ఉత్తరంలో ప్రకటన నుంచి తెచ్చుకున్న ప్రతి పేరు కింద గీత గీసి, ఒక్కోదానికి మూడు ప్రశ్నలు వేసుకోండి: ఆ పనిని మొదటి నుంచి చివరిదాకా ఎలా చేస్తారు, చివరిసారి ఎప్పుడు చేశారు, అందులో ఏది తప్పుతుంది. సైకిల్ కౌంట్ అయితే లెక్కపెట్టే మనిషికి కంప్యూటర్‌లో ఉన్న సంఖ్య ముందే చూపిస్తారా లేదా అన్నది తప్పక రావచ్చు. చూపిస్తే ఆ అంకెకే సరిపెట్టేసే ప్రమాదం ఉంటుంది, అందుకే చాలాచోట్ల చూపించకుండా లెక్కపెట్టిస్తారు. మూడు ప్రశ్నల్లో ఒక్కదానికైనా జవాబు తడబడితే ఆ పేరును ఉత్తరంలోంచి తీసేసి, మీరు నిజంగా చేసినంత భాగాన్నే రాయండి: "సైకిల్ కౌంట్ నడిపాను" బదులు "సైకిల్ కౌంట్‌లో లెక్కపెట్టాను".